చూసినోళ్లే రాయాలె

(మహబూబ్‌నగర్‌లో గద్వాల, నారాయణపేట చేనేత చీరల కొట్టు నడుపుతున్న యజమానురాలు నవంబర్ రెండో వారంలో తన సిబ్బందితో మాట్లాడిన మాటలు)

అక్కలారా, అన్నలారా, తమ్ముళ్లారా, షట్టర్ సగం దించిన. గిరాకీ వస్తే మాత్రం ఎవరన్న ఒకరు లేచి చూడండి. చాయ్ వచ్చేలోపు అసలు విషయంలకు పోతా.

డిసెంబర్ 1 నుంచి జనవరి 8 దాక మన ఏడాది చివరి అమ్మకం. ఇది లగ్గాల సీజన్ కాదు, అది ముందుగాల గుర్తుపెట్టుకోవాలె. డిసెంబర్ 16 కాడికి ధనుర్మాసం మొదలైతది, లగ్గాలు ఆగుతయి. మళ్ల సంక్రాంతి దాటినంకనే పెండ్లి చీరల కోసం జనం వస్తరు. అంటే ఈ ఐదారు వారాలల్ల మన దగ్గరికి వచ్చేటోళ్లు పండుగకు ఒక్క చీర, మహా అంటే రెండు చీరలు కొనేటోళ్లు. తన కోసం ఒకటి, ఆడబిడ్డకో అమ్మకో ఒకటి. వాళ్లల్ల సగం మందికి పైగా ఫోన్ల చూసి, చెయ్యి పెట్టి చూడకుంటనే పైసలు పంపుతరు. చీరను ముట్టుకోని మనిషికి మనం రాసే నాలుగు మాటలే చీర. అందుకే ఇయ్యాల నేను రేట్ల గురించి కాదు, రాత గురించి మాట్లాడతా. ఎవరు ఏది రాయాలె, ఎవరు ఏది రాయొద్దు అనేది.

పోయినేడు ఏమైందో మీకు తెలుసు, కాని కొత్తగ వచ్చిన ఇద్దరి కోసం చెప్తున్న. రాసే పని మొత్తం బయటి మనిషికి ఒప్పజెప్పిన. నేను ఆయనకు ఇచ్చింది ఫోటోలు, ధరలు, అంతే. చీరలు చూపియ్యలేదు. ఆయన చక్కటి తెలుగు రాసిండు. ఒక చీర కింద "రాజసం ఉట్టిపడే స్వచ్ఛమైన గద్వాల పట్టు" అని ఉన్నది. ఆ చీర ఒళ్లంత నూలు. అంచు, కొంగు పట్టు. గద్వాల చీరంటేనే అది గదా, ఒళ్లు నూలు, అంచు పట్టు, అదే దాని గొప్ప. ఎండల కట్టుకున్నా ఒంటికి చల్లగ ఉంటది, అంచు మాత్రం పట్టుచీర లెక్క మెరుస్తది. కాని "స్వచ్ఛమైన పట్టు" అని చదివి పైసలు కట్టినామె పార్సిల్ విప్పి, ఒళ్లు పట్టుకొని చూసి ఫోన్ చేసింది. "అమ్మా, ఇది పట్టు కాదు గదా, నేను మోసపోయిన్నా?" అని అడిగింది. ఆమె కోపంగ కూడ అనలేదు. భయంగ అడిగింది. ఆ గొంతు నాకు ఇంక చెవులల్లనే ఉన్నది.

ఆ ఒక్క మాట మీద పదకొండు చీరలు వాపస్ వచ్చినయి. పోను రాను కొరియర్ ఖర్చు మనదే. చీరలు తిరిగొచ్చేసరికి పండుగ అయిపోయింది. మడతలు పోయినయి, రెండింటికి కుంకుమ మరక. ఆ పదకొండు నేసిన ఇండ్లకు మనం పైసలు ముందే ఇచ్చినం, కాబట్టి వాళ్లకు దెబ్బ తగల్లేదు, కాని తర్వాతి పడుగుకు ఇయ్యాల్సిన అడ్వాన్స్ నెల ఆలస్యమైంది. తప్పు రాసినాయనది కాదు, చూపియ్యకుంట రాయమన్న నాది. ఈసారి నియమం ఒక్కటే: చీరను చేతుల పట్టుకోని మనిషి చీర గురించి రాయొద్దు, పార్సిల్ కట్టని మనిషి తారీఖులు రాయొద్దు.

ఇగ పని పంపకం.

చీర చీటీ. ప్రతి చీరకు ఒక చీటీ ఉంటది. ఇది అన్నిటికన్న పెద్ద పని, దీన్ని ఇద్దరు కలిసి చేస్తరు: మగ్గం మామ, కౌంటర్ అక్క. మామ ముప్పై ఏండ్లు నాడె ఆడిచ్చిన మనిషి, కాని కలం పట్టుమంటే పట్టడు. పట్టాల్సిన పనే లేదు. చీరను బల్ల మీద పరుస్తం, మామ మాట్లాడతడు, అక్క ఫోన్ల రికార్డు చేస్తది, తర్వాత రాస్తది.

నిన్న ఒక చీరతోని చేసి చూసినం. నెమలికంఠం రంగు ఒళ్లు, మెరూన్ అంచు. మామ ముందుగాల చీరను తిరగేసిండు. నేను ఇరవై మంది కొనేటోళ్లను చూసిన, చీర లోపలి మొఖం చూసినోళ్లు ఒక్కరు లేరు. ఒళ్లు, అంచు కలిసే కాడ మామ వేలు పెట్టి చూపించిండు, సన్నటి పండ్ల వరస లెక్క ఒక గీత. అదే కుప్పడం. ఒంటి పేక ఒక నాడెల, రెండు అంచుల పేకలు ఇంకో రెండు నాడెలల్ల పోతయి. ఒంటి పోగు అంచు కాడికి వచ్చి అంచు పోగును మెలేసుకొని వెనక్కి తిరుగుతది. ప్రతి పోగుకు అట్లనే, చేత్తోని. మగ్గం మీద నేసేటాయనకు తోడు ఇంకో మనిషి ఉండాల్సి వచ్చేది దీనికే. ఒకటే నాడెతోని అటునుంచి ఇటు నేస్తే ఒంటి రంగు పోగు అంచులకు కూడ పోతది, అంచు రంగు కలుస్తది, మసక పడ్తది. కుప్పడం పెట్టిన చీరల మెరూన్ అంటే మెరూనే, నీలం పోగు ఒక్కటి కూడ అంచులకు రాదు.

ఇది మనకు మూడేండ్లుగ తెలుసు. ఒక్క ఫోటోల గాని, ఒక్క రాతల గాని చెప్పలేదు. "మహారాణుల అందం" అని చెప్పినం గాని ఇది చెప్పలేదు. అందుకే ఫోటోల తమ్ముడా, ఈసారి ప్రతి గద్వాల చీరకు ఒక ఫోటో లోపలి మొఖంది ఉండాలె, అంచు కలిసే గీత దగ్గరికి తీసి. పొద్దుగాల తొమ్మిది లోపు, వాకిట్ల నీడపట్టున తియ్యి, ట్యూబులైటు కింద వద్దు. రంగు మార్చే ఫిల్టర్లు అసలే వద్దు. నీ పని గురించి నేను చెప్పేది ఇంతే, మిగతాది నీకే బాగ తెలుసు.

తర్వాత జరీ. మామ కొంగు చివర ఒక జరీ పోగు విప్పిండు. అసలు జరీ అయితే లోపట పట్టు దారం, దాని మీద వెండి తీగ చుట్టి, ఆ వెండికి బంగారు పూత ఉంటది. టెస్టెడ్ జరీ అయితే తీగ రాగిది. ఇంకొకటి ప్లాస్టిక్ పొర మీద మెరుపు పూసింది, అది మనం తీసుకోం. నిన్నటి చీరది టెస్టెడ్. అట్లనే రాసినం. టెస్టెడ్ అని రాస్తే అమ్ముడు పోదేమో అని కౌంటర్ అక్క అడిగింది, మంచి ప్రశ్న. మన చీరలల్ల ఎక్కువ శాతం టెస్టెడ్ జరీవే, మన ధరకు అదే వస్తది. కొనేటోళ్లకు కూడ ఆ ధరకు బంగారం రాదని తెలుసు. రాయకపోతే మాత్రం, నాలుగేండ్లకు జరీ నల్లబడ్డనాడు మన మీద నమ్మకం పోతది.

నిన్న అక్క రాసిన చీటీ చదువుతా వినండి. "ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. అంచు మీద కోటకొమ్మ. మూడు నాడెలతోని నేసి కుప్పడం పెట్టినం, చీర తిరగేస్తే కలిసిన గీత కనపడ్తది. జరీ టెస్టెడ్. చీర ఐదున్నర మీటర్లు, జాకెట్ ముక్క 80 సెంటీమీటర్లు వేరే. మొదటిసారి డ్రై క్లీనింగ్‌కు ఇయ్యండి. కుచ్చిళ్ల దగ్గర ఒక చోట చిన్న ముడి ఉన్నది, కట్టుకుంటే లోపటికి పోతది."

ఆఖరి వాక్యం చూసిన్రా? ఆ ముడి గురించి రాయమని నేను చెప్పలేదు, అక్కనే రాసింది. చేతి నేత అన్నంక ముడి ఉంటది, పోగు కొంచెం లావుగ పడ్తది. ముందే చెప్తే అది చేతిపని గుర్తు, పార్సిల్ విప్పినంక కనపడితే అది డామేజీ. కాబట్టి ప్రతి చీటీ కింద అసుంటివి రాసే గడి ఒకటి ఉంటది. ఏమీ లేకపోతే "చూసినం, ఏమీ కనపడలేదు" అని రాయండి, ఖాళీగ వదలొద్దు.

చీటీల రాయకూడని మాటలు కొన్ని ఉన్నయి. నూలు ఒళ్లు ఉన్నదాన్ని ఉత్త "పట్టుచీర" అనొద్దు. "గద్వాల మోడల్" అనే మాట మన కొట్ల వినపడొద్దు. గద్వాలకు, నారాయణపేటకు రెండింటికి జీఐ గుర్తింపు ఉన్నది. ఆ పేరు ఆ ఊరి నేతది, వేరే కాడ నేసినదానికి తగిలించొద్దు. ఇంకొకటి, నారాయణపేట చీర కింద "ఒక్కటే పీస్" అని రాయొద్దు. ఆ మగ్గం మీద ఒకటే పడుగు ఎనిమిది చీరలకు ఎక్కిస్తరు. పేక రంగు మార్చినా, కొంగు మార్చినా, ఆ ఎనిమిదింటి పడుగు ఒక్కటే. ఎనిమిదింట్ల మూడు మన దగ్గర ఉంటే మిగతా ఐదు ఇంకో కొట్ల ఉండొచ్చు. ఆమె వేసుకొని పోయిన ఫంక్షన్ల అసుంటిదే ఇంకొకామె కట్టుకొని వస్తే మనల్నే అంటది. "ఒకే పడుగు మీది ఎనిమిదింట్ల ఒకటి" అని రాయండి. అది నిజం, వినడానికి కూడ బాగున్నది.

రెండోది తారీఖులు. ఇవి ప్యాకింగ్ తమ్ముడే రాస్తడు. పోయినేడు నేను "సంక్రాంతిలోపు డెలివరీ గ్యారంటీ" అని రాసిన, జనవరి 10 దాక ఆర్డర్లు తీసుకున్న. తమ్ముడు పార్సిళ్ల మధ్యల కూసొని ఏడ్వలేదంతే. ఈసారి తమ్ముడు వెనక నుంచి లెక్క కట్టిండు. పండుగ జనవరి 14 అటూ ఇటుగ వస్తది. కాని కొనేటామెకు చీర ఆనాడు చేతికొస్తే లాభం లేదు, జాకెట్ కుట్టియ్యాలె, ఫాల్ వెయ్యాలె. మన పాలమూరుల టైలర్లు పండుగ రద్దీల జనవరి 7 దాటితే కొత్త బట్ట పట్టరు, వేరే ఊర్లల్ల కూడ అంతే అనుకోండి. చీర 7 లోపు ఇంటికి చేరాలంటే, కొరియర్‌కు నాలుగు రోజులు పోను, మన కాడ నుంచి 3న బయలెల్లాలె. కాబట్టి జాకెట్ కుట్టించుకునేటోళ్లకు ఆఖరి ఆర్డర్ జనవరి 2. ఉన్న జాకెట్‌తోనే కట్టుకుంటం అనేటోళ్లకు జనవరి 8. ముంబై, పూణెల ఉన్న మనోళ్లకు రెండింటికి ఇంకో రెండు రోజులు ముందు. ఈ తారీఖులు నేను మార్చను, మీరు మార్చరు. మార్చాలంటే తమ్ముణ్ని అడగాలె.

చీర ఆర్డర్ చేసేటప్పుడే "జాకెట్ కుట్టిస్తరా అమ్మా?" అని అడగాలె. పోయినేడు ఈ ఒక్క ప్రశ్న అడగలేదు మనం.

మూడోది ఎస్సెమ్మెస్. ఇది లెక్కల అన్న పని. మీరు అనుకుంటరు, ఎస్సెమ్మెస్‌కు లెక్కల అన్న ఎందుకు అని. ఇది రాత కన్న ఎక్కువ లెక్క కాబట్టి. ఇంగ్లీష్‌ల ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు. తెలుగుల 70. ఆ 70 కూడ మనం లెక్కబెట్టే అక్షరాలు కావు. గుణింతం వేరే, పొల్లు వేరే, ఒత్తు వేరే లెక్క. "క్రా" మనకు ఒక్క అక్షరం, ఫోనుకు నాలుగు: క, పొల్లు, ర, దీర్ఘం. మొన్న నేను ఒకటి రాసిన:

"నారాయణపేట కొత్త చీరలు వచ్చినయి. సంక్రాంతికి జనవరి 2లోపు ఆర్డర్ చేయండి."

అన్న లెక్కబెట్టిండు. చుక్కలు, ఖాళీలు కలిపి సరిగ్గ 70. కొట్టు పేరు పెట్టడానికి జాగ లేదు, ఫోన్ నంబర్‌కు జాగ లేదు. ఎవరు పంపిన్రో తెల్వని మెసేజ్. ఒక్క అక్షరం పెరిగినా రెండు మెసేజ్‌ల పైసలు పడ్తయి, పైగా రెండు ముక్కలైతే ఒక్కో ముక్కల 67 అక్షరాలే పడ్తయి. అన్న దాన్ని ఇట్ల చేసిండు:

"సంక్రాంతి చీరలకు ఆఖరి ఆర్డర్ జనవరి 2."

ఇది 37. ఒక ఖాళీ, పది అంకెల ఫోన్ నంబర్ పోను ఇంక 22 మిగిలినయి, అండ్ల మన కొట్టు పేరు పడ్తది. నా దాంట్ల ఉన్న "కొత్త చీరలు వచ్చినయి" పోయింది. పోనీ, అది వాట్సాప్‌ల చెప్తం. ఎస్సెమ్మెస్ ఒక్క పని చెయ్యాలె, తారీఖు గుర్తు చెయ్యాలె.

ఇంకో సంగతి, ఎస్సెమ్మెస్ మనకు తోచినప్పుడు రాసి పంపేది కాదు. ముందుగాల ఫోన్ కంపెనీలు మెసేజ్‌లను ఒప్పుకునే డీఎల్‌టీ పోర్టల్‌ల మన కొట్టు పేరు మీద నమూనా పెట్టి ఒప్పించుకోవాలె. మారే ముక్కల కాడ ఆ పోర్టల్ చెప్పిన గుర్తు పెట్టాలె. ఒప్పుకున్నదానికి, పంపినదానికి ఒక్క చుక్క తేడా ఉన్నా మెసేజ్ పోదు. మనకు పోయినట్టే అనిపిస్తది, కాని వాళ్లకు చేరదు. అన్న పెట్టబోయే నమూనా ఇది, గీత ఉన్నకాడ ఆ గుర్తు వస్తది:

```
సంక్రాంతి చీరలకు ఆఖరి ఆర్డర్ ____.
```

దీని వెనక కొట్టు పేరు, నంబర్ వస్తయి. తారీఖు కాడ గడి పెట్టినం కాబట్టి ముంబై వాళ్లకు వేరే తారీఖు వెయ్యొచ్చు. నవంబర్ ఆఖరు లోపు నమూనా ఒప్పుదల కావాలె, ఎందుకంటే ఒకసారి వాపస్ కొడితే మళ్ల దిద్ది పెట్టడానికి టైం ఉండాలె. పంపేది డిసెంబర్ 28న, పొద్దుగాల పది దాటినంక. పొద్దుగాల పది నుంచి రాత్రి తొమ్మిది దాకనే ఇసుంటి అమ్మకం మెసేజ్‌లు పంపాలె. బిల్లు బుక్కుల నంబర్ ఇచ్చి, పంపమని ఒప్పుకున్నోళ్లకే పంపుతం. వద్దన్నోళ్ల పేర్లు అన్న ఎర్ర ఇంకుతోని కొట్టేసిండు, అవి మళ్ల కలపొద్దు.

నాలుగోది వాట్సాప్. మూడు మెసేజ్‌లే: డిసెంబర్ 5న నారాయణపేట నూలు చీరలు, 20న గద్వాల చీరలు, జనవరి 9న "ఇగ పండుగ ఆర్డర్లు ఆపినం, పంపినయన్ని చేరినయా?" అని ఒకటి. ఆ ఆఖరిది మాత్రం మానొద్దు. చేరని పార్సిల్ సంగతి వాళ్లు ఫోన్ చెయ్యకముందే మనకు తెలుస్తది. బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు 256 మందే పడ్తరు, కాబట్టి మన లిస్టులు నాలుగు అయితయి. ఒక మాట గుర్తుపెట్టుకోండి: మన నంబర్ వాళ్ల ఫోన్ల సేవ్ చేసుకోకపోతే బ్రాడ్‌కాస్ట్ వాళ్లకు చేరదు. పోయినేడు వెయ్యి మందికి పంపినం అనుకున్నం. ఎందరికి చేరిందో టిక్కులు చూసినోళ్లు ఎవరు? కాబట్టి రేపటి నుంచి బిల్లు చేసేటప్పుడే "మా నంబర్ సేవ్ చేసుకోండమ్మా" అని చెప్పి, వాళ్లు చేసుకునే దాక ఆగాలె. ఇది కౌంటర్ల కూసున్న ప్రతి ఒక్కరి పని.

వాట్సాప్ జవాబులు కౌంటర్ అక్కనే రాస్తది. అక్క దగ్గర ఒక నోటుబుక్కు ఉన్నది, రోజు ఫోన్ల అడిగిన ప్రశ్నలు గీతలు పెట్టి రాసుకుంటది. ఎక్కువ గీతలు ఉన్న పది ప్రశ్నలకు క్విక్ రిప్లైలు పెడ్తం, / కొడితే వచ్చేటివి. "రంగు పోతదా?" అన్నదానికి అన్నిటికన్న ఎక్కువ గీతలు ఉన్నయి. దానికి "అస్సలు పోదు" అని రాయొద్దు అక్కా. ముదురు రంగు అంచు మొదటి ఉతుకుల కొంచెం వదలొచ్చు, అందుకే మొదటిసారి డ్రై క్లీనింగ్ అని చెప్పు.

తగ్గింపు గురించి రెండు ముక్కలు. లెక్కల అన్న రాస్తడు, నేను సంతకం పెడ్త. రేటు పెంచి కొట్టేసి తగ్గించినట్టు చూపించుడు మన కొట్ల లేదు. పోయిన దసరా నుంచి కదలని నలభై చీరలకే తగ్గింపు, అది మన లాభంల నుంచే. మగ్గానికి ఇచ్చేదాంట్ల నుంచి ఒక్క రూపాయి తగ్గదు. "స్టాక్ ఉన్నంత వరకే" అని రాసేకాడ "నలభై చీరలు" అని అంకె వేయండి, అమ్ముడుపోయిన కొద్ది అంకె తగ్గించండి.

ఇగ దిద్దుబాటు. బయటికి పోయే ప్రతి ముక్కను ఒకరు పైకి చదవాలె, మామ వినాలె. మామ "అట్ల కాదు" అంటే ఆ మాట బయటికి పోదు, నేను రాసిందైనా సరే. చీటీ మీద ఇద్దరి పేర్లు ఉంటయి: చెప్పినాయన, రాసినామె. ఫోన్ వచ్చినప్పుడు ఆ చీటీ పట్టుకొని ఆ ఇద్దరిల ఒకరు మాట్లాడాలె. చీర గురించి నన్ను అడగమని ఫోన్ నాకు ఇయ్యొద్దు.

నాకు మిగిలింది ఒక్క ఉత్తరం. పోయినేడు చీర వాపస్ పంపిన పదకొండు మందికి నేనే చేత్తోని రాస్త. ఏం తప్పు జరిగింది, ఏం మార్చినం అని. చీరలు కొనమని అందుల ఉండదు. మామ దాన్ని కూడ వింటడు.

లెక్క సూటిగ చెప్తున్న. మన దగ్గర రెండు వందల పది చీరలు ఉన్నయి. మామ, అక్క ఇద్దరు కలిసి రోజుకు పదిహేను చీటీలు రాస్తే పద్నాలుగు రోజులు. నిన్న ఒక్క చీటీకి అర్ధగంట పట్టింది, కాని అది మొదటిది. పది దాటినంక పావుగంటకు వస్తదని మామ అంటున్నడు. పదిహేను చీటీలంటే అప్పుడు కూడ దగ్గర దగ్గర నాలుగు గంటల పని. అందుకే పొద్దుగాల ఎనిమిదికి మొదలువెట్టాలె, పన్నెండు దాక ఆ ఇద్దరిని కౌంటర్‌కు పిలవొద్దు, గిరాకీని మేం చూసుకుంటం. ఆలస్యమైతే డిసెంబర్ 5 మెసేజ్‌కు నారాయణపేటవి మాత్రం ముందు రాయండి, గద్వాలవి 20 లోపు చేద్దాం.

రేపు పొద్దుగాల వాకిట్ల చాప పరిచి పెట్టండి. ముందుగాల పదిహేను నారాయణపేట చీరలు తియ్యండి. మామా, అద్దాలు మర్చిపోకు. అక్కా, ఫోన్ రాత్రే చార్జింగ్ పెట్టుకో. చాయ్ వచ్చినట్టుంది, ఆ షట్టర్ కొంచెం లేపు తమ్మీ.